రోజుకు ఒక్క డోసు అమికాసిన్: పీక్, ట్రఫ్ లెవెళ్లు ఏం చెబుతాయి, బలహీన కిడ్నీలో ఏం మారుతుంది

క్లుప్తంగా: జెంటమైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులను రోజులో రెండు మూడుసార్లు విడగొట్టి ఇచ్చే బదులు మొత్తం ఒకేసారి ఇస్తే మందు పని తగ్గదు, కిడ్నీ మీద ఒత్తిడి తగ్గుతుంది. అయితే తర్వాతి డోసు వచ్చేలోపు రక్తంలోంచి మందు దాదాపుగా ఖాళీ అయితేనే ఈ లాభం దక్కుతుంది. కిడ్నీ నెమ్మదిగా పనిచేసేవారిలో డోసు కోయడం కంటే విరామం పెంచడమే సరైన దారి. చెవికి మాత్రం ఈ పద్ధతి పెద్దగా రక్షణ ఇవ్వదు. అక్కడ ఎన్ని రోజులు వాడారన్నదే ముఖ్యం.

శ్రీకాకుళం జిల్లాలో, అందులోనూ ఉద్దానం ప్రాంతంలో, ఏ ఇంజెక్షన్ రాసినా బంధువులు ముందుగా అడిగేది ఒకటే: "కిడ్నీకి ఏమైనా అవుతుందా?" ఈ ప్రశ్నకు కారణం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు పడిన మనిషి లేని వీధి వెతికినా దొరకడం కష్టం. ఇలాంటి చోట కేస్ షీటులో "అమికాసిన్ 750 ఎంజీ, రోజుకు ఒకసారి" అని కనిపిస్తే టెన్షన్ పడటం సహజమే. పాత చీటీలో 375 చొప్పున రెండుసార్లు ఉండేది, ఇప్పుడు అంతా ఒక్కసారే ఎక్కించేస్తే కిడ్నీ తట్టుకుంటుందా అన్నది సందేహం. జవాబు చాలామంది అనుకునేదానికి ఎదురుగా ఉంటుంది. పెద్ద డోసు ఒకేసారి ఇవ్వడం కిడ్నీకి మేలు. చిన్న డోసులు తరచుగా ఇవ్వడమే ఎక్కువ హాని.

బ్యాక్టీరియా వైపు నుంచి చూస్తే

అమైనోగ్లైకోసైడ్లు అనే ఈ కుటుంబంలో స్ట్రెప్టోమైసిన్, జెంటమైసిన్, టోబ్రామైసిన్, అమికాసిన్ ముఖ్యమైనవి. ఇవి బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారయ్యే చోటును దెబ్బతీసి చంపుతాయి. పెన్సిలిన్ తరహా మందులు ఎక్కువసేపు రక్తంలో నిలబడి పనిచేస్తాయి. వీటి తీరు వేరు. రక్తంలో మోతాదు ఎంత ఎత్తుకు వెళితే అంత వేగంగా చంపుతాయి. ఒక బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస మోతాదుకు ఎనిమిది నుంచి పది రెట్లు రక్తంలో అందితే ఫలితం బాగుంటుందన్నది సాధారణంగా పాటించే కొలమానం.

ఆ తర్వాత మందు రక్తంలోంచి పోయినా, దెబ్బతిన్న బ్యాక్టీరియా కొన్ని గంటల వరకు తేరుకోదు. పైగా మందు ఎప్పుడూ చుట్టూ ఉంటే బ్యాక్టీరియా దాన్ని లోపలికి రానివ్వడం తగ్గిస్తుంది. మందు లేని కొన్ని గంటలు గడిస్తే మళ్లీ లొంగుతుంది. అంటే మధ్యలో వచ్చే ఖాళీ వల్ల వైద్యానికి లోటు రాదు, నిజానికి అది వైద్యంలో భాగమే.

ఇక్కడే ఒక పొరపాటు ఊళ్లలో తరచూ కనిపిస్తుంది. జెంటమైసిన్ ఆంప్యూల్ మామూలుగా 80 మిల్లీగ్రాములది. రోజుకు ఒక ఆంప్యూల్ చొప్పున వేసి "రోజుకు ఒక డోసు పద్ధతి" అనుకోవడం కుదరదు. 50 కిలోల మనిషికి ఒకే డోసుగా ఇవ్వాలంటే కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 250 మిల్లీగ్రాములు కావాలి. 80 మాత్రమే వేస్తే రక్తంలో మోతాదు చాలినంత ఎత్తుకు చేరదు, బ్యాక్టీరియా చావదు, కిడ్నీ, చెవి మాత్రం మందుకు గురవుతాయి. నష్టం ఉంది, లాభం లేదు.

కిడ్నీ కణంలోకి మందు ఎలా చేరుతుంది

ఈ మందులు శరీరంలో విరగవు. చేరినవి చేరినట్టే కిడ్నీ గుండా మూత్రంలోకి పోతాయి. వడగట్టిన మూత్రం సన్నని నాళికల్లోంచి వెళ్లేటప్పుడు, ఆ నాళికల మొదటి భాగంలోని కణాలు కొంత మందును లోపలికి లాక్కుంటాయి. ఆ పని చేసేది మెగాలిన్ అనే గ్రాహకం. దానికి ఒక పరిమితి ఉంది. రేషన్ షాపులో ఒక్క కౌంటరు ఉంటే బయట క్యూ ఎంత పొడవున్నా గంటకు ఇంతమందికే సరుకు అందుతుంది. క్యూ రెండు గంటల్లో చెదిరిపోతే ఆ రోజు కొద్దిమందికే అందుతుంది. చిన్న క్యూ అయినా పొద్దున్నించి రాత్రిదాకా ఆగకుండా ఉంటే చాలామందికి అందుతుంది. మెగాలిన్ సంగతీ అంతే. రక్తంలో మందు ఎంత పెరిగినా అది లాక్కునే వేగం అంతగా పెరగదు. ఎంతసేపు మందు అందుబాటులో ఉందన్నదే లెక్క.

ఇది ఊహ కాదు. ఎలాగూ కిడ్నీ తీసేయాల్సిన రోగులకు ఆపరేషన్ ముందు జెంటమైసిన్ ఇచ్చి, తీసిన కిడ్నీ కణజాలంలో మందును కొలిచిన అధ్యయనాలు ఉన్నాయి. అదే మొత్తం మందును ఒకేసారి ఇచ్చినవారి కిడ్నీలో తక్కువ, రోజంతా చుక్కచుక్కగా ఎక్కించినవారి కిడ్నీలో ఎక్కువ పేరుకున్నట్టు తేలింది.

లోపలికి చేరిన మందు కణంలోని సంచుల్లో రోజుల తరబడి పేరుకుంటుంది. ఒక హద్దు దాటాక కణం చస్తుంది. అందుకే హాని మొదటి రోజున కనిపించదు. సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల వాడకం తర్వాత, కిడ్నీ వడగట్టి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరగడం మొదలవుతుంది. చాలామందిలో మూత్రం మామూలుగానే వస్తూ ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. పొటాషియం, మెగ్నీషియం తగ్గిపోవడం కూడా ఈ నాళికలు దెబ్బతిన్నాయనడానికి ఒక గుర్తు. మందు ఆపేస్తే నాళిక కణాలు కొత్తవి వస్తాయి. అంతకుముందు బాగున్న కిడ్నీ కొన్ని వారాల్లో చాలావరకు కోలుకుంటుంది. ముందే సగం పాడైన కిడ్నీ విషయంలో ఆ హామీ లేదు.

పీక్, ట్రఫ్ అంటే

పీక్ అంటే డోసు ఎక్కించాక రక్తంలో మందు చేరిన గరిష్ఠ స్థాయి. అరగంటలో సెలైన్‌లో కలిపి ఎక్కిస్తే, అది ముగిసిన అరగంట తర్వాత తీసిన రక్తంలో కొలుస్తారు. ట్రఫ్ అంటే తర్వాతి డోసు ఇవ్వబోయే ముందు, అరగంట లోపల తీసిన రక్తంలో ఉన్న అతి తక్కువ స్థాయి. పీక్ బ్యాక్టీరియాకు సంబంధించిన అంకె, ట్రఫ్ కిడ్నీకి సంబంధించిన అంకె అని గుర్తుపెట్టుకుంటే గందరగోళం ఉండదు.

రోజుకు మూడుసార్లు జెంటమైసిన్ ఇచ్చిన కాలంలో పీక్ 5 నుంచి 10 మధ్య, ట్రఫ్ 2 లోపు ఉండాలనేవారు. ఒకే డోసు పద్ధతిలో జెంటమైసిన్ ట్రఫ్ 1 లోపు ఉండాలంటారు. అమికాసిన్‌కు చాలా చోట్ల 5 లోపు అనే హద్దు పెట్టుకుంటారు. ఈ అంకెలన్నీ ఒక మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అనే లెక్కలో ఉంటాయి. పాత పద్ధతి హద్దులు పట్టుకుని కొత్త పద్ధతి రిపోర్టు చదివితే పీక్ భయపెట్టేలా, "ఓవర్ డోస్" అయినట్టు కనిపిస్తుంది. రిపోర్టు మీద ముద్రించిన రిఫరెన్స్ రేంజ్ ఏ పద్ధతికి సంబంధించినదో ముందు చూడాలి.

ట్రఫ్ పెరగడం గురించి ఇంకో మాట. అది కిడ్నీ చెడటానికి కారణం మాత్రమే కాదు, చాలాసార్లు ఫలితం కూడా. కిడ్నీ వేగం తగ్గితే మందు నిలిచిపోతుంది, నిలిచిన మందు కిడ్నీని ఇంకా చెడగొడుతుంది. మూడో రోజు 2 ఉన్న ట్రఫ్ ఆరో రోజు 6 అయిందంటే, క్రియాటినిన్ ఇంకా పెద్దగా కదలకపోయినా లోపల ఏదో మొదలైందనే అర్థం.

ఒకే డోసు, ఇద్దరు మనుషులు

ఉదాహరణకు ఇద్దరిని తీసుకుందాం. ఇద్దరి బరువూ 50 కిలోలే, ఇద్దరికీ మూత్ర ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకింది. ఒకరికి 30 ఏళ్లు, క్రియాటినిన్ 0.7. ఇంకొకరు 62 ఏళ్ల జీడితోట కూలీ, క్రియాటినిన్ 1.4. ఇద్దరూ మగవాళ్లే.

కిడ్నీ వడగట్టే వేగాన్ని అంచనా కట్టే పాత సూత్రం సులువైనదే. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, వచ్చినదాన్ని క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగించాలి. స్త్రీలకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. ఈ లెక్కన కుర్రవాడికి నిమిషానికి సుమారు 109 మిల్లీలీటర్లు, పెద్దాయనకు 39. క్రియాటినిన్ 1.4 చూసి "కొంచెమే ఎక్కువ" అనుకునేవారు ఈ 39 దగ్గర ఆగి ఆలోచించాలి.

కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇద్దరికీ 750 మిల్లీగ్రాముల అమికాసిన్. శరీరంలో ఈ మందు పరుచుకునే పరిమాణం కిలోకు పావు లీటరు అనుకుంటే, ఇద్దరిలోనూ పీక్ 60 దగ్గర ఉంటుంది. కుర్రవాడిలో అది రెండు గంటలకోసారి సగమవుతుంది. ఏడెనిమిది గంటలకు 5 కిందికి, 12 గంటలకు 1కి దిగుతుంది. మిగిలిన సగం రోజూ అతని కిడ్నీకి విశ్రాంతే.

పెద్దాయనలో సగమవడానికి దాదాపు అయిదున్నర గంటలు పడుతుంది. 60 కాస్తా 30, 15, 7.5 అవుతూ 24 గంటలకు 2.8 దగ్గరికి వస్తుంది. 5 లోపే కదా అనిపిస్తుంది. కానీ ఆ 24 గంటల్లో దాదాపు 20 గంటలు 5 పైనే ఉంది. విశ్రాంతి నాలుగు గంటలే.

ఇప్పుడు ఇదే 750ని పెద్దాయనకు 375 చొప్పున 12 గంటలకోసారి ఇచ్చామనుకుందాం. మొదటి డోసు మిగులు మీద రెండోది, దాని మిగులు మీద మూడోది చేరి, రెండో రోజుకే ట్రఫ్ 8 దగ్గర నిలబడిపోతుంది. పీక్ 38 దగ్గరే ఆగుతుంది. అంటే బ్యాక్టీరియా మీద దెబ్బ తగ్గింది, కిడ్నీకి ఒక్క గంట కూడా ఖాళీ దొరకలేదు. రోజంతా కలిపి ఇచ్చిన మందు మాత్రం అంతే.

మరి డోసు సగం చేసి రోజుకు ఒకసారే 375 ఇస్తే? ట్రఫ్ 1.4కి దిగుతుంది, కానీ పీక్ 30 దగ్గరే ఆగుతుంది. కనీసం 4 మైక్రోగ్రాములకు లొంగే బ్యాక్టీరియా అయితే ఎనిమిది రెట్లంటే 32 కావాలి. అక్కడికి చేరలేదు. అందుకే అనుభవమున్న డాక్టర్లు ఇలాంటి రోగికి డోసు కోయరు, విరామం పెంచుతారు. 750నే 36 గంటలకోసారి ఇస్తే పీక్ 60 ఉంటుంది, తర్వాతి డోసు వేళకు 0.6కి దిగుతుంది. పగలు ఒకసారి, మర్నాడు రాత్రి ఒకసారి అన్నమాట. వార్డులో ఇది ఇబ్బందికరమైన టైమింగే. "రోజూ పొద్దున్నే ఇంజెక్షన్" అలవాటున్నచోట డోసు ముందే పడిపోతుంది. అసలు అంతకుముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ పెద్దాయనకు కల్చర్ రిపోర్టు ప్రకారం కిడ్నీకి హాని చేయని ఇంకో యాంటీబయాటిక్ పనిచేస్తుందా? పనిచేస్తే ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

ఇవన్నీ సగటు అంచనాలే. సెప్సిస్‌తో సెలైన్ బాగా ఎక్కినవారిలో, ఒంటికి నీరు పట్టినవారిలో మందు ఎక్కువ నీటిలో పరుచుకుని పీక్ తగ్గుతుంది. కాలిన గాయాలున్నవారు, గర్భిణులు, గుండె కవాటాల ఇన్ఫెక్షన్ రోగులు, పసిపిల్లలు ఈ ఉదాహరణకు బయటివారు. వారి డోసు, విరామం వేరు.

లెవెల్ పరీక్ష ఎక్కడ తప్పుతుంది

రక్తంలో అమికాసిన్, జెంటమైసిన్ లెవెల్ కొలిచే సౌకర్యం చిన్న పట్టణాల ల్యాబుల్లో సాధారణంగా ఉండదు. శాంపిల్ పెద్ద నగరానికి పంపితే రిపోర్టు వచ్చేసరికి ఇంకో డోసో రెండు డోసులో పడిపోతాయి. పరీక్ష చేయించినా, అంకె తప్పడానికి ల్యాబు కంటే వార్డే ఎక్కువ కారణమవుతుంది.

డోసు రాత్రి 10కి ఇవ్వాల్సింది 2కి ఇచ్చి, మర్నాడు మామూలు రక్త పరీక్షలతో పాటే పొద్దున 6కి శాంపిల్ తీస్తే అది ట్రఫ్ కాదు, నాలుగు గంటల స్థాయి. రిపోర్టులో 20 అని వస్తుంది, అందరూ కంగారుపడతారు. మందు ఎక్కిన క్యాన్యులాలోంచే రక్తం లాగితే అంకె ఇంకా ఎగబాకుతుంది. కాబట్టి రెండో చేతి నుంచి తీయాలి, డోసు మొదలైన టైము, శాంపిల్ తీసిన టైము రెండూ చీటీ మీద ఉండాలి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పైపెరసిల్లిన్ లాంటి మందు కూడా వాడుతున్న రోగి శాంపిల్‌ను గంటల తరబడి బయట ఉంచితే, ట్యూబులోనే అది అమైనోగ్లైకోసైడ్‌ను నిర్వీర్యం చేస్తుంది. రిపోర్టులో ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది.

ఒకే డోసు పద్ధతిలో, కిడ్నీ బాగున్నవారికి ట్రఫ్ ఎలాగూ కొలవలేనంత తక్కువ ఉంటుంది. అందుకే కొన్ని ఆసుపత్రులు జెంటమైసిన్ ఇచ్చిన 6 నుంచి 14 గంటల మధ్య ఒక శాంపిల్ తీసి, చార్టులో ఆ టైము దగ్గర అంకె ఎక్కడ పడిందో చూసి 24 గంటలా, 36 గంటలా, 48 గంటలా అని తేలుస్తాయి.

ఉద్దానంలో క్రియాటినిన్‌ను ఎలా చదవాలి

లెవెల్ పరీక్ష లేనిచోట మిగిలిన ఆధారం క్రియాటినిన్. అది ఆలస్యంగా కదిలే అంకె. కిడ్నీ వేగం ఈ రోజు పడిపోతే అది పూర్తిగా రిపోర్టులో కనిపించడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఒంట్లో కండ తక్కువున్న బక్కపలచని కూలీలో అది మామూలుకంటే తక్కువగానే చూపిస్తుంది.

ఉద్దానం జబ్బు గురించి ఇప్పటికి తెలిసిన విషయం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. కారణం ఇదీ అని ఇంకా తేలకపోయినా, దెబ్బ ప్రధానంగా పడేది నాళికల మీద, వాటి చుట్టూ ఉన్న కణజాలం మీద. అమైనోగ్లైకోసైడ్లు దెబ్బతీసేదీ నాళికలనే. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులోలా మూత్రంలో ప్రొటీన్ బాగా పోదు కాబట్టి, యూరిన్ స్ట్రిప్ బాగుందని చెప్పి కిడ్నీ బాగుందనుకోలేం. బీపీ కూడా మామూలుగా ఉండొచ్చు. ఆ ప్రాంతం మనిషికి మొదటి డోసు ముందే క్రియాటినిన్ చూసి, పై సూత్రంతో వేగం లెక్కకట్టడం తప్పనిసరి జాగ్రత్త. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలయ్యాక నిపుణుడి సలహా దూరం తగ్గింది. పాత రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లడం ఈ విషయంలో చాలా ఉపయోగం, ఎందుకంటే ఒక అంకె కంటే రెండు అంకెల మధ్య తేడాయే ఎక్కువ చెబుతుంది.

మందు మొదలయ్యాక కనీసం రెండు రోజులకోసారి క్రియాటినిన్ చూడాలి. 48 గంటల్లో 0.3 పెరిగితే దాన్ని కిడ్నీకి కొత్తగా తగిలిన దెబ్బగానే లెక్కిస్తారు. 1.4 నుంచి 1.7కి రావడం కాగితం మీద చిన్నదే. కానీ మందు ఆపాలా, విరామం పెంచాలా అని తేల్చాల్సిన ఘడియ అదే. 2.5 అయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

మే నెల ఎండలో తోటలో పనిచేసి, నీళ్లు సరిగా తాగక, ఒళ్లునొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకుని, జ్వరానికి అదే చేత్తో జెంటమైసిన్ కూడా వేయించుకునేవారికి ప్రమాదం పలురెట్లు. నొప్పి మందు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది, ఒంట్లో నీరు తక్కువైతే అదీ తగ్గుతుంది, ఆ స్థితిలో జెంటమైసిన్ త్వరగా బయటికి పోదు. వాంకోమైసిన్, ఆంఫోటెరిసిన్ కూడా ఇలా తోడైతే కిడ్నీకి ముప్పు పెంచే మందులే.

చెవికి వేరే లెక్క

చెవి లోపలి ద్రవంలోకి మందు నెమ్మదిగా చేరుతుంది, అంతకంటే నెమ్మదిగా బయటపడుతుంది. ధ్వనిని పట్టే రోమ కణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది, చెవి కోలుకోదు. ఒకే డోసు పద్ధతి చెవిని కాపాడుతుందని గట్టిగా తేలలేదు. మొత్తం ఎంత మందు, ఎన్నాళ్లు అన్నదే పెద్ద విషయం. క్షయకు నెలల తరబడి ఇంజెక్షన్లు వాడినవారిలో చెవుడు అంతగా కనిపించడానికి కారణం ఇదే.

ముందు చచ్చేవి అతి కీచు శబ్దాలను పట్టే కణాలు. ఆడియోమెట్రీ అనే మామూలు వినికిడి పరీక్ష 8,000 హెర్ట్‌జ్ వరకే కొలుస్తుంది. నష్టం తరచూ అంతకు పైన మొదలవుతుంది. మాట వినడానికి కావలసిన శబ్దాలు అంతకు చాలా కింద ఉంటాయి. రోగి "మాట సరిగా వినిపించట్లేదు" అనేసరికి నష్టం చాలా దూరం వచ్చేసి ఉంటుంది. చెవిలో కీచుమనే హోరు, చెవి నిండినట్టు అనిపించడం ముందే వచ్చే సూచనలు. వీటిని ఎవరో ఒకరు రోజూ అడగాలి. రోగి తనంతట తాను చెప్పడు, జ్వరం వల్ల అనుకుంటాడు.

అమికాసిన్ ఎక్కువగా వినికిడిని, జెంటమైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఎక్కువగా ఒంటి సమతూకాన్ని దెబ్బతీస్తాయి. సమతూకం పోయేటప్పుడు రెండు చెవులూ ఒకేసారి దెబ్బతింటాయి కాబట్టి గిర్రున తిరిగే తలతిరుగుడు రాకపోవచ్చు. మంచం మీద పడుకుని ఉన్నంతసేపు తెలియదు. లేచి నడిస్తే చూపులో వస్తువులు ఊగుతాయి, చీకట్లో తూలుతారు, పొలం గట్టు మీద కాలు నిలవదు. వార్డులోనే చేయగల పరీక్ష ఉంది. దూరంగా ఉన్న అక్షరాలు తల కదపకుండా చదివించి, తర్వాత తలను చిన్నగా అటూ ఇటూ ఊపుతూ చదివించాలి. రెండో సారి బాగా తడబడితే సమతూకం దెబ్బతిన్నదని అనుమానించాలి.

కొందరిలో తల్లి ద్వారా వచ్చే ఒక మైటోకాండ్రియా జన్యుమార్పు ఉంటుంది. వారికి కొద్ది డోసులకే చెవుడు రావచ్చు, అదీ లెవెళ్లు సరిగ్గా ఉన్నా. అందుకే "అమ్మ తరఫున ఎవరికైనా ఇంజెక్షన్ తర్వాత చెవుడు వచ్చిందా?" అన్న ఒక్క ప్రశ్నకు విలువ ఉంది. మూత్రం ఎక్కువగా వచ్చేందుకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ తోడైతే చెవికి ముప్పు పెరుగుతుంది. వారానికి మించి వాడాల్సి వస్తే మొదట్లో ఒకసారి, తర్వాత వారానికోసారి ఆడియోమెట్రీ అవసరం.

డిశ్చార్జి అయ్యాక కూడా పని మిగిలే ఉంటుంది. లోపల పేరుకున్న మందు కారణంగా, ఇంజెక్షన్లు ఆపిన తర్వాత కొన్ని రోజుల్లో క్రియాటినిన్ పెరగొచ్చు, వినికిడి వారాల తర్వాత తగ్గొచ్చు. వారం తర్వాత ఒక క్రియాటినిన్, రెండు మూడు నెలల లోపల ఒక వినికిడి పరీక్ష డిశ్చార్జి చీటీ మీదే రాయించుకోవాలి. ఏ మందు, ఏ డోసు, ఎన్ని రోజులు అన్నది కూడా అదే కాగితం మీద ఉంటే, తర్వాతిసారి జ్వరం వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లినా పాత మొత్తం ఎంతో తెలుస్తుంది.